ఒక్క జవాబు

పోతన బమ్మెరవాడా, ఒంటిమిట్టవాడా? ఓరుగల్లులో పత్రిక నడిపేవారికి ఈ తగాదా కొత్త కాదు. ఏకశిలానగరం అన్న పేరును రెండు వైపులవారూ తమదే అంటారు. ఆధారాలతో వాదించే పండితులు ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు. వారితో మాకు పేచీ లేదు.

బమ్మెర మీద వ్యాసం వేశాక ఒక పాఠకుడు వాట్సాప్‌లో వెంటపడ్డారు. మొదట ఆధారం అడిగారు, చూపించాం. వెంటనే వ్యాసకర్త కులం ఎత్తారు. ఆ తర్వాత పత్రికకు డబ్బెవరిస్తున్నారన్నారు. జవాబు అందగానే ప్రశ్న మారిపోతోందంటే, అడిగే మనిషికి కావలసింది మన కోపమే.

ఒక రాత్రి ఆగి ఇది పంపాం: “మీ సందేశాలన్నీ చదివాం. వ్యాసం ఆధారాలు దాని చివరనే ఉన్నాయి. ఒంటిమిట్ట పక్షాన ఆధారాలతో రెండు పేజీలు రాసి పంపితే పరిశీలిస్తాం. ఈ విషయంలో మా వైపు నుంచి ఇదే చివరి మాట. నమస్కారం.”

ఇందులో ప్రశ్న లేదు. ఆయన తిట్లలో ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. ‘మీరు అపార్థం చేసుకున్నారు’ అని కూడా రాయలేదు. ఆ ఒక్క వాక్యం మరో పది సందేశాలు తెచ్చిపెడుతుంది. అయినా ‘భయపడ్డారా?’ అని వచ్చింది. అసలు పరీక్ష అక్కడే. దానికి బదులిస్తే మన చివరి మాట చివరిది కాకుండా పోతుంది. ఊరుకున్నాం. కొన్నాళ్లకు ఆయనా ఊరుకున్నారు. (బెదిరింపుల సంగతి వేరు, వాటిని భద్రపరచి పోలీసులకు చూపాల్సిందే.)

ఒంటిమిట్ట వ్యాసం ఇంకా రాలేదు. ఎవరు పంపినా, ఆధారాలుంటే వేస్తాం.