మునిగిన బాకీ ఎవరు కట్టారు?

మా సంఘంలో ఒక సహోదరి భర్త చనిపోయిన పదో రోజున వాళ్లింట్లో ఆదరణ కూడిక పెట్టుకున్నాం. ప్రార్థన అయిపోయి భోజనాలు వడ్డిస్తున్నాం. వీధి మూల అంగడాయన వచ్చి గుమ్మంలో నిలబడి, "ఎనిమిది వేల నాలుగు వందలమ్మా. ఎప్పుడిస్తారో మాటైనా చెప్పండి" అన్నాడు. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లంతా తల దించుకున్నారు. వాళ్లలో సగం మందికి అదే అంగడిలో ఖాతా ఉంది.

మరుసటి రోజు నేను కోపంగానే ఆ అంగడికి వెళ్లాను. రెండు గంటలు ఆయన ఖాతా పుస్తకం ముందు కూర్చుని లేచేసరికి నా కోపం వేరే వైపు తిరిగింది. ఆ రెండు గంటల లెక్కే ఇక్కడ రాస్తున్నాను. మీరు కోలారులో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా మీ వీధిలో ఇలాంటి అంగడి ఒకటి ఉండే ఉంటుంది.

మాది బెంగళూరు. కాలనీలో ఎక్కువమంది మన తెలుగువాళ్లే. తాతల నాటి నుంచి ఈ ఊరి వీధులు శుభ్రం చేస్తున్న కుటుంబాలు. ఇప్పుడు చాలా ఇళ్లలో మగవాళ్లు చెత్త బండ్ల మీద కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారు. జీతం ఏ తేదీన పడుతుందో ఎవరికీ తెలియదు. ఒక నెల 12న, ఇంకో నెల 25న. అందుకని నలభై ఇళ్లు ఆ అంగడిలో ఖాతా మీదే సరుకులు తెచ్చుకుంటాయి. ఇంటికి సగటున 2,500 చొప్పున నెలకు లక్ష రూపాయల అప్పు వ్యాపారం.

ఆ అంగడిలో ధరలు రెండు. డబ్బు చేతిలో పెట్టి కొంటే కిలో బియ్యం 50, ఖాతాలో రాయిస్తే 56. అంటే నూటికి 12 ఎక్కువ. నేను అడగాలనుకున్నది ఇదే. "అన్నా, పేదవాడికే పన్నెండు రూపాయలు ఎక్కువా? లేనివాడి దగ్గరే ఎక్కువ తీసుకోవడం నీకు న్యాయంగా ఉందా?"

ఆయన నొచ్చుకోలేదు. "అయ్యగారూ, ఆ పన్నెండు నేను ఊరికే వేయలేదు, చూడండి" అని పుస్తకం తిప్పాడు.

ఆయన లెక్క ఇది. పుస్తకంలో మొత్తం బాకీ 1,80,000. ఆ డబ్బు వీధిలో ఇరుక్కుంది కాబట్టి సరుకు తేవడానికి ఆయన రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తున్నాడు. నెలకు వడ్డీ 3,600. ఇక గత రెండేళ్లలో అయిదు ఇళ్లవాళ్లు బాకీ తీర్చకుండానే ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ మొత్తం 60,000. నెలకు పంచితే 2,500. రెండూ కలిపి నెలకు 6,100 ఎక్కడి నుంచో రావాలి.

లక్ష వ్యాపారం మీద 6,100 అంటే నూటికి ఆరు రూపాయలే కదా, పన్నెండు ఎందుకు అన్నాను. దానికీ ఆయన దగ్గర జవాబుంది. ఆ లక్షలో సగం సబ్బులు, బిస్కెట్లు, షాంపూ, ప్యాకెట్ నూనె. వాటి మీద ఎంఆర్‌పీ అచ్చయి ఉంటుంది. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా చట్టం ఒప్పుకోదు. కాబట్టి మొత్తం బరువు విడిగా తూచి ఇచ్చే సరుకు మీదే పడాలి. బియ్యం, కందిపప్పు, చక్కెర, ఉల్లిపాయలు. 50,000 సరుకు మీద 6,100 అంటే పన్నెండు రూపాయల చిల్లర.

ఈ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎంఆర్‌పీ మంచి నియమమే, కొనేవాడిని కాపాడటానికే ఉంది. కానీ అప్పు అంగడిలో దాని వల్ల జరిగేది ఇంకొకటి. ఖాతా మీద షాంపూ, చిప్స్ కొన్న ఇంటి ఆలస్యపు ఖర్చును, ఖాతా మీద బియ్యం, పప్పు తప్ప ఇంకేమీ కొనని ఇల్లు మోస్తోంది. అందరికంటే పేద ఇల్లు ఏదంటే అదే.

ఆయన దొంగ కాదు. కానీ ఆయన లెక్కలో ఒక తప్పుంది. ఖాతా నడిపే చాలామంది ఇదే తప్పు చేస్తారనుకుంటాను. వెళ్లిపోయిన అయిదు ఇళ్ల 60,000 ఆయన రెండుసార్లు లెక్కపెట్టాడు. మునిగిన బాకీ కింద నెలకు 2,500 ధరలో కలిపాడు. ఇరవై నాలుగు నెలలకు సరిగ్గా 60,000 మిగతా ఇళ్ల దగ్గర నుంచి వచ్చేసింది. అయినా ఆ అయిదు పేర్లు పుస్తకంలో అలాగే ఉన్నాయి, వాటి మీద వడ్డీ కూడా ఆలస్యం కింద ఇంకా పడుతూనే ఉంది. ఒక బాకీ ఆలస్యమైనా అయి ఉండాలి, మునిగినా ఉండాలి. రెండూ ఒకేసారి కాదు. ఆ 60,000 పక్కన పెడితే బతికున్న బాకీ 1,20,000. దాని మీద వడ్డీ 2,400. మునిగినదానికి 2,500 కలిపితే 4,900. సగం సరుకు మీద వేస్తే నూటికి పది. బియ్యం 56 కాదు, 55.

కిలోకు ఒక్క రూపాయి తేడా. దీనికోసమా ఇంత అనుకోకండి. నెలకు 1,200 రూపాయలు ఏ కారణమూ లేకుండా నలభై ఇళ్ల నుంచి వెళ్తోంది. ఆయనకు కూడా ఆ సంగతి తెలియదు.

అసలు మాట ఇంకా ఉంది. రాని బాకీలకని ధరలో నెలకు 2,500 కలిపి తీసుకుంటున్నాడంటే, ఆ సహోదరి 8,400 మూడున్నర నెలల్లో ఆమె ఇరుగుపొరుగు కట్టేస్తారు. ఆమె కూడా తన భర్త ఉన్నన్నాళ్లూ అలా పరుల బాకీ కట్టింది. బియ్యం కొన్న ప్రతిసారీ కట్టింది. అలాంటప్పుడు ఆదరణ కూడికలో గుమ్మం దగ్గర నిలబడి అడగడానికి ఆయనకు ఏం హక్కుంది? రాని బాకీల కోసం ధర పెంచి తీసుకున్న వర్తకుడు, ఎవరైనా నిజంగా కట్టలేని స్థితికి వచ్చినప్పుడు ఆ డబ్బును వాడటానికే తీసుకున్నాడు. ఆయన బాకీ వదిలేస్తే అది ఆయన దానం కూడా కాదు, ఆ వీధి ముందే పోగేసి ఇచ్చిన డబ్బు. ఒకవేళ పాత బాకీ ఏదైనా తిరిగి వస్తే, వచ్చే ఏడాది కలపాల్సిన మొత్తం అంత తగ్గాలి. ఆయన పన్నెండు నాలుగేళ్లుగా పన్నెండుగానే ఉంది.

కట్టగలిగి ఎగ్గొట్టేవాళ్లను ఇందులో కలపడం లేదు. వాళ్లను గట్టిగా అడగాల్సిందే, ఎందుకంటే వాళ్లు ఎగ్గొడుతున్నది పక్కింటివాళ్ల బియ్యం డబ్బు.

బైబిలు కాలేజీలో చదువుకునేటప్పుడు ఈ విషయం మీద ఒక పాఠం విన్నాను, అప్పుడు అంత పట్టించుకోలేదు. లేవీయకాండము 25వ అధ్యాయం బీదవాడైన సహోదరుడి దగ్గర డబ్బుకు వడ్డీ తీసుకోవడాన్ని, ఆహారం లాభానికి ఇవ్వడాన్ని పక్కపక్కనే పెట్టి రెండూ వద్దంటుంది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ ఇంకొంచెం లోతుకు వెళ్లాడు. గడువు ఇస్తున్నానని న్యాయమైన ధర కంటే ఎక్కువకు అమ్మితే అది వడ్డీయే అన్నాడు, ముందుగా డబ్బు రావాలని ధర తగ్గిస్తే మాత్రం తప్పు లేదన్నాడు. మా సంఘంలో ఒక యువకుడు సరిగ్గా ఇదే పట్టుకుని, "అయ్యగారూ, పదో తేదీలోపు ఖాతా తీర్చేవాళ్లకు తగ్గించమందాం" అన్నాడు. వినడానికి బాగుంది. కానీ తీర్చినవాళ్లకు తగ్గిస్తే నెలకు కావాల్సిన 4,900 తగ్గదు. ఆ తేడా ఆలస్యమైనవాళ్ల మీద పడుతుంది. మా వీధిలో ఆలస్యమయ్యేది ఎవరు? జీతం రానివాళ్లు. అందుకే నేను ఒప్పుకోలేదు.

పోనీ ధర ఇంకా పెంచితే అంగడికి లాభమా అంటే, అదీ కాదు. ధర పెరిగేకొద్దీ చేతిలో కాస్త డబ్బున్న ఇళ్లు సూపర్ మార్కెట్టుకు వెళ్లిపోతాయి. ఖాతాలో మిగిలేది ఇంకెక్కడా అప్పు పుట్టనివాళ్లు. మునిగే బాకీ పెరుగుతుంది, మళ్లీ ధర పెంచాలి. ఇది మొదలైందో లేదో తెలుసుకోవడానికి ఆయనకు ఒక పద్ధతి చెప్పాను. ప్రతి నెలాఖరున బతికున్న బాకీని ఆ నెల అప్పు అమ్మకంతో భాగించి పుస్తకం వెనక అట్ట మీద రాసుకో అన్నాను. ఇప్పుడు 1.2. ధర పెంచిన తర్వాత అది 1.5 వైపు నడుస్తుంటే, మంచి ఖాతాలు వెళ్లిపోతున్నాయన్నమాట.

చివరికి మా కళ్లు ఆ 1.2 మీదే నిలిచాయి. అంత ఎందుకుంది? నెలంతా కొంచెం కొంచెంగా సరుకు తెచ్చుకుని, తర్వాతి నెల 7న జీతం పడగానే తీర్చేస్తే, ఒక్కో రూపాయి సగటున 22 రోజులు బాకీ ఉంటుంది. అప్పుడు వీధిలో ఉండే డబ్బు 73,000 చిల్లర, వడ్డీ 1,470 లోపు. ఇప్పుడున్న 2,400తో పోలిస్తే 930 పైగా తేడా. దాన్ని విడి సరుకు మీదకు తెస్తే కిలో బియ్యానికి దాదాపు ఒక రూపాయి. కాంట్రాక్టరు జీతాలు ఆపి తన దగ్గర తిప్పుకుంటున్నాడు, ఆ వడ్డీ మా వాళ్లు బియ్యంలో కడుతున్నారు. వెయ్యిమంది లోపు పనివాళ్లున్నచోట 7వ తేదీలోపు, అంతకంటే ఎక్కువమంది ఉంటే 10లోపు జీతం ఇవ్వాలని 2025 దాకా అమల్లో ఉన్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పింది. కాంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమాని ఇవ్వాలని, అదీ 2025 దాకా అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది.

ఆ సాయంత్రానికి అంగడాయన అయిదు పేర్ల మీద అడ్డంగా గీత కొట్టాడు. బియ్యం ధర బోర్డు మీద 55 అని రాశాడు. సహోదరి బాకీ సంగతి వాళ్లిద్దరి మధ్య మాట్లాడించాం. ఆమె పూర్తిగా వద్దనిపించుకోవడానికి ఒప్పుకోలేదు. ఇంటి పనికి కుదిరాక నెలకు మూడు వందలు ఇస్తానంది, కుదరకపోతే అడగనని ఆయన అన్నాడు. నేను లేస్తుంటే ఆయన, "జీతాలు 7న వేయించండి అయ్యగారూ, 54కి ఇస్తాను" అన్నాడు.

ఆ ఖాతా పుస్తకంలో మాకు ఇంకొకటి దొరికింది. ఏ నెల ఏ తేదీన నలభై ఇళ్లూ ఒక్కసారిగా డబ్బు కట్టాయో రెండేళ్లుగా తేదీలతో సహా ఉంది. జీతం పడిన తేదీలు అవే. ఆ పేజీలు జిరాక్స్ తీయించి, బ్యాంకు పాసుపుస్తకాలతో పోల్చి ఒక పట్టిక రాస్తున్నాం. వచ్చే వారం దాన్ని పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్తున్నాం, అంగడాయన కూడా వస్తానన్నాడు.