చివరి వారం మహిమ

మార్చిలో పదో తరగతి పరీక్షలు దగ్గర పడితే శ్రీరాంపూర్ సింగరేణి కాలనీల్లో రెండు నమ్మకాలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి, బాసర పోయి హాల్‌టికెట్, పెన్నులు సరస్వతి అమ్మవారి ముందు పెట్టించి తెచ్చుకోవడం. దీన్ని మూఢనమ్మకమని అనేవాళ్లు ఊరికి నలుగురైనా ఉంటారు. రెండోదాన్ని మాత్రం ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఏడాదంతా ముట్టని పాఠాన్ని చివరి వారంలో నైట్ అవుట్ చేసి పట్టేస్తే మార్కులు వస్తాయన్నదే ఆ రెండో నమ్మకం. దీనికి కష్టపడి చదవడమని పేరు పెట్టుకున్నాం. కానీ తప్పినప్పుడు ఏమంటామో చూడండి: ఇంకో రెండు రాత్రులు మేల్కొని ఉంటే బాగుండేదంటాం. పూజ ఫలించకపోతే భక్తి చాలలేదని సర్దుకునే తర్కానికీ దీనికీ తేడా లేదు. ఏ ఫలితం వచ్చినా చెక్కుచెదరనిది చదువు పద్ధతి కాదు, నమ్మకం.

ఈ నమ్మకానికి బలమిచ్చేది ఒక భ్రమ. పేజీని నాలుగుసార్లు తిప్పితే అక్షరాలు పరిచయమైపోతాయి, ఆ పరిచయాన్నే మనం జ్ఞాపకం అనుకుంటాం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వవేత్తలు దీన్ని పరీక్షించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని పదేపదే చదివారు. మరికొందరు ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నది మూడుసార్లు రాశారు. ఐదు నిమిషాలకు అడిగితే పదేపదే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమా చూపించింది మాత్రం వెనకబడినవాళ్లే. కొత్త పాఠం అర్ధరాత్రి 'వచ్చేసినట్టు' అనిపించడం వెనక ఉన్నది ఈ ధీమాయే.

అందుకే ఆ ఏడు రోజుల్లో చేయాల్సింది చదివినదాన్ని తెల్లకాగితం మీద బయటికి తీయడం. లెక్కల్లో శ్రేఢులు తీసుకుందాం. 7, 13, 19, ... 205లో ఎన్ని పదాలున్నాయి? పుస్తకం మూసి a + (n−1)d = 205 అని రాస్తే, 198ని 6తో భాగించి 33 వస్తుంది. చాలామంది అక్కడే ఆగి 33 అని జవాబు రాస్తారు. ఆ 33 అనేది n−1 విలువ, జవాబు 34. పుస్తకంలో సాధించిన లెక్కను చూస్తూ పోతే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు, చేత్తో చేస్తేనే పడుతుంది. ఇలాంటి తప్పులన్నీ ఒక నోట్‌బుక్కు చివరి పేజీల్లో రాసుకుంటే వారంలో తిప్పాల్సిన పుస్తకం అదే. మొదటి నాలుగు రోజులు రోజుకో పాత ప్రశ్నపత్రం, అదీ అసలు పరీక్ష మొదలయ్యే తొమ్మిదిన్నరకే కూర్చొని రాయాలి. తర్వాతి రెండు రోజులు ఆ తప్పులను మళ్లీ చేసి చూడాలి. ఆఖరి రోజు సూత్రాలు, పటాలు ఒకసారి వేసుకొని సాయంత్రానికి ఆపేయాలి.

నిద్ర సంగతి బొగ్గుగని ఊరికి వేరే చెప్పాలా? నైట్ షిఫ్టు దిగివచ్చిన మనిషి పడుకుంటే ఇంట్లో టీవీ గొంతు తగ్గిస్తారు, ఎందుకంటే నిద్ర లేకుండా బావిలోకి దిగితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అదే ఇల్లు పిల్లవాడికి తెల్లవార్లూ టీ కాచి ఇస్తుంది. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ చేసిన ప్రయోగంలో నేర్చుకున్నాక నిద్రపోతే మరపు తక్కువని, మేల్కొనే ఉంటే ఎక్కువని తేలింది. లాస్ ఏంజెల్స్ హైస్కూలు పిల్లల మీద 2013లో వచ్చిన అధ్యయనం ఇంకా సూటిగా చెప్పింది: నిద్ర తగ్గించుకొని మామూలుకన్నా ఎక్కువ చదివిన మర్నాడు పాఠం అర్థంకాకపోవడం, పరీక్ష సరిగా రాయలేకపోవడం ఎక్కువైంది.

'నైట్ అవుట్ చేసినోళ్లకే మంచి మార్కులు వచ్చాయి కదా' అనేవాళ్లుంటారు. వాళ్లు ఏడాదంతా ఏం చదివారో, అదే పని చేసి తప్పినవాళ్లు ఎందరో లెక్కలోకి రాకుండా ఆ మాట నిలవదు. 'పూజతో ధైర్యం వస్తుంది, అది చాలదా' అన్నది మరో మాట. అదృష్ట వస్తువు దగ్గరుంటే పని మెరుగుపడుతుందని 2010లో ఒక జర్మన్ ప్రయోగం చెప్పిన మాట నిజమే. 2014లో ఇంకా ఎక్కువమందితో అదే ప్రయోగం తిరిగి చేస్తే ఆ మెరుగుదల కనిపించలేదు. మూడో అభ్యంతరంలో మాత్రం పస ఉంది: ఏమీ చదవనివాడు కొత్తది ముట్టకుండా ఎట్లా పాసవుతాడు? అతనికి ఒకటి రెండు చిన్న పాఠాలు ఉపయోగపడొచ్చు. అయితే అది పాసుమార్కుల కోసం తప్పక చేసే బేరం. పునశ్చరణకు మిగిలిన గంటల్లోంచే దాని వెల పోతుంది. సగం వచ్చిన పాఠాన్ని పూర్తిగా తెచ్చుకోవడానికి పట్టే సమయం, అసలు రానిదాన్ని సగం తెచ్చుకోవడానికి పట్టే సమయంకన్నా తక్కువ. కాబట్టి పుస్తకం తెరిచే ముందు ప్రతి పాఠానికీ వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: దీన్ని రేపు పుస్తకం చూడకుండా రాయగలనా? ఆ ప్రశ్నకు కాగితం ఇచ్చిన జవాబునే నమ్మాలి.