పూర్వపక్షమునకు పదిహేను మార్కులు

అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయమున భారతీయ దర్శనములు చదువు తరగతికి బోధనసహాయకుడొకడు వ్రాసిన లేఖ విచారింపదగినది. ఇకమీదట టర్మ్ పేపర్లన్నియు ఒకే క్రమమున నుండవలెనని దాని సారము. మొదట ప్రతిపాదనము, పిదప ఆధారములు, ఆ తరువాత ఒక పేరాలో ఆక్షేపము, సమాధానము, చివర ఉపసంహారము. నూరు మార్కులలో ప్రతిపాదనమునకు 20, ఆధారములకు 35, ఆక్షేపసమాధానములకు 15; కూర్పు, మూలసూచనలు, భాష అను మూడింటికి పదేసి. వ్యాసములను పలువురు సహాయకులు పంచుకొని దిద్దుదురు గనుక మార్కులలో తారతమ్యము రాకుండుటకే ఈ ఏర్పాటని లేఖ చెప్పుచున్నది.

నియతక్రమము విద్యార్థి బుద్ధిని బంధించునను మాట అధికరణపద్ధతి నెరిగినవారికి రుచింపదు. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అను అవయవములతోనే మీమాంసకులు ఎంతటి సూక్ష్మవిచారమునైనను నడపిరి. లోపము క్రమముండుటలో లేదు. ఆక్షేపమును ఆధారముల వెనుకకు నెట్టుటలో నున్నది.

శబ్దానిత్యత్వముపై ఒక విద్యార్థి వ్రాసెననుకొందము. శబ్దము అనిత్యము, కృతకమగుటచేత, ఘటమువలె నని ప్రతిపాదించి ఆధారములు చూపును. పిదప, వేదప్రామాణ్యమును కాపాడుకొనుటకే మీమాంసకులు శబ్దము నిత్యమనిరని యొక ఆక్షేపమును వ్రాసి సులభముగా త్రోసివేయును. పేరా ఉన్నది, సమాధానమున్నది. పదిహేను మార్కులును వచ్చును. కాని అది ప్రతివాది ఉద్దేశమే గాని హేతువు కాదు. నిన్న విన్న గకారమే నేడును వినబడినదను ప్రత్యభిజ్ఞ అతని హేతువు. చీకటిలోని ఘటమును దీపమువలె, ఉచ్చారణము శబ్దమును వ్యక్తపరచునే గాని పుట్టింపదని అతని మతము. దీనితో కృతకత్వహేతువే అసిద్ధమగును. నిన్న తిన్న ఔషధమే నేడును తింటినను మాటవలె ఆ ప్రత్యభిజ్ఞ సాజాత్యమును బట్టినదని నైయాయికుడు చూపినగాని వాదము ముందుకు సాగదు.

పూర్వపక్షము ముందు వచ్చియున్నచో ఆధారముల భాగమే మారెడిది. కృతకత్వమును సాధించు బాధ్యత విద్యార్థిపై పడెడిది. దిద్దువారికి పరీక్ష సులభము: ఆక్షేపపు పేరాను కొట్టివేసి చదువవలెను. మిగిలిన వ్యాసమున ఒక్క వాక్యమైనను మార్చవలసిన పని లేనిచో ఆ ఆక్షేపము అలంకారమాత్రము.

కావున ఆక్షేపమును ప్రతిపాదనము వెంటనే నిలిపి, కూర్పునుండి అయిదు, భాషనుండి అయిదు తీసి దానికి 25 మార్కులీయవలెను. అందు సగము, ప్రతివాది చదివి తన మతమేయని ఒప్పుకొనునట్లు వ్రాసినందుకే చెందవలెను. పాఠభేదములను సరిపోల్చు వ్యాసములకు మాత్రము ఈ నియమము పట్టదు. అచ్చట వాదమున కెక్కుడు చోటుండదు గనుక ఆ మార్కులను ప్రతుల వివరణమునకు కేటాయించుట యుక్తము. లేఖలో ఈ మినహాయింపు లేదు.