తీర్మానం ఒకటే.. అర్థాలు రెండా?

ఓ ఇళ్ల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో నీళ్ల ట్యాంకుకు మరమ్మతు చేయించాలని నిర్ణయించారనుకోండి. తెలుగు మినిట్స్‌లో 'సుమారు 3 లక్షల రూపాయలతో చేయించుటకు తీర్మానించడమైనది' అని రాశారు. ఇంగ్లిష్ ప్రతిలో 'నాట్ ఎక్సీడింగ్ 3 లక్షలు' అని ఉంది. తీరా బిల్లు 3 లక్షల 40 వేలు వచ్చింది. తెలుగు ప్రతి చదివినవారికి కార్యదర్శి చేసింది సబబే. ఇంగ్లిష్ ప్రతి చదివినవారి లెక్కలో మాత్రం ఆ 40 వేలకు అనుమతే లేదు. ఆడిటర్ అడిగితే ఏ ప్రతి చూపించాలి?

ఒక భాషలో రాసి రెండో భాషలోకి మార్చేటప్పుడే ఇలాంటి తేడాలు వస్తాయి. అందుకే ముందు నిర్ణయాన్ని ముక్కలుగా రాసుకోవాలి: ఎవరు, ఏ పని, ఎంతలో, ఎప్పటికి, ఏ షరతుతో. ట్యాంకు విషయంలో అవి ఇలా ఉంటాయి: కార్యదర్శి, మరమ్మతు, 3 లక్షలకు మించకుండా, మార్చి 31 సహా ఆలోగా, మూడు కొటేషన్లు పాలకవర్గం చూశాకే. రెండు భాషల వాక్యాలనూ ఈ ముక్కల నుంచే కూర్చుకుంటే ఏదీ జారిపోదు.

మూడుచోట్ల మరింత జాగ్రత్త అవసరం. 'తీర్మానించడమైనది' అన్న మాటలో పని ఎవరిదో తెలియదు. ఇంగ్లిష్‌లో కార్యదర్శి పేరుతో అధికారం ఇచ్చినప్పుడు తెలుగులోనూ 'కార్యదర్శికి అధికారం ఇస్తూ' అని ఉండాలి. ఇంగ్లిష్‌లో 'షల్' అని రాస్తే తెలుగులో 'చేయాలి', 'మే' అని రాస్తే 'చేయవచ్చు'. ఇవి తారుమారైతే బాధ్యత కాస్తా వెసులుబాటు అయిపోతుంది. ఇక ఇద్దరు వ్యతిరేకించినా అలవాటుగా 'ఏకగ్రీవంగా' అని రాసేయడం మామూలే. అనుకూలం ఎందరో, వ్యతిరేకం ఎందరో రెండు ప్రతుల్లోనూ అంకెల్లో రాయాలి.

సరిపోయాయో లేదో తెలుసుకోవడానికి తేలిక మార్గం ఉంది. సమావేశానికి రాని ఒకరికి ఇంగ్లిష్ ప్రతి మాత్రమే ఇచ్చి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనాలి. ఆ మాటల్ని తెలుగు ప్రతితో ముక్కముక్కగా పోల్చాలి. 'సుమారు' లాంటి తేడా అక్కడే పట్టుబడుతుంది.

అప్పుడు ఏది దిద్దాలి? సభలో అన్నదే లెక్క. పరిమితి గురించి సభలో అసలు మాటే రాకపోతే, రాసేవారు తమకు తోచింది చేర్చకూడదు. తర్వాతి సమావేశంలో అడిగి తేల్చుకోవాలి. అసలు ఓటింగుకు ముందే తీర్మానాన్ని రెండు భాషల్లో చదివి వినిపిస్తే ఆ అవసరం చాలావరకు రాదు.

మినిట్స్ పుస్తకంలో ఎడమ పేజీన తెలుగు, కుడి పేజీన ఇంగ్లిష్ ఉంచి, ఒకే తీర్మానానికి ఒకే సంఖ్య వేయాలి. ఒకవైపు దిద్దితే రెండోవైపూ దిద్ది, రెండుచోట్లా అధ్యక్షుడితో పొట్టి సంతకం చేయించాలి.