మెయిల్ చేరుతుందంట, మనిషి మాత్రం లేడంట!

ఈ పోస్టు కొంచెం ఘాటుగానే ఉంటుంది. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

మొన్న దిబ్బూరహళ్ళిలో మా పెద్దనాన్న కొడుకు ఫోన్ పట్టుకుని ఇంటికొచ్చినాడు. పట్టుపురుగులు మేపుకునే మనిషి. "తమ్ముడా, నేను సంఘంలోనే లేనంట. కట్టిన దుడ్డు ఏమైనట్టు?" అన్నాడు. ఎన్నికల జాబితాలో పేరుండాలంటే పోర్టల్‌లోకి పోయి వివరాలు సరిచూసుకోవాలి కదా. లాగిన్ చేస్తే "అకౌంట్ లేదు" అని వస్తా ఉంది. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కితే మెయిలే రాదు, స్పామ్‌లోనూ లేదు. కొత్తగా నమోదు చేసుకుందామంటే "ఈ ఫోన్ నంబరు ముందే ఉంది" అంటుంది. ఆఫీసుకు ఫోన్ చేస్తే "మీరే తప్పు కొట్టింటారు" అన్నారు.

నేను ఆయన మెయిల్‌లో పాత చందా రశీదు వెతికి తీసినాను. పైన "to me" అని ఉంటుంది, దాని పక్కన చిన్న బాణం నొక్కితే సంఘం ఏ అడ్రసుకు పంపిందో పూర్తిగా కనిపిస్తుంది. అన్న కొడుతున్నది `Mee.Peru@gmail.com` లాంటిది. సంఘం దగ్గరున్నది `meeperu@gmail.com` లాంటిది. అప్పట్లో సైబర్ సెంటర్ పిల్లోడు చుక్క పెట్టకుండా కొట్టినాడు, ఇప్పుడు ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేసింది. రశీదులో ఉన్నట్టే కొడితే తలుపు తెరుచుకుంది.

మరి అన్న తప్పు కొట్టినాడా? లేదు. జీమెయిల్ చుక్కల్ని లెక్కలోకే తీసుకోదు, క్యాపిటల్ అయినా చిన్నదైనా దానికి ఒకటే. ఎట్ల రాసినా ఉత్తరం ఆ ఇంటికే చేరుతుంది. కాబట్టి ఆయన దృష్టిలో అది ఒకే అడ్రసు. మన పోర్టల్ మాత్రం అక్షరం పక్కన అక్షరం పెట్టి చూస్తుంది, ఒక్క చుక్క తేడా ఉంటే మనిషే లేడంటుంది. లండన్‌లో ఉన్న మనవాళ్ళ గతీ ఇంతే. పేరు హక్కుల తగాదా వల్ల 2005 నుంచి 2010 దాకా బ్రిటన్‌లో కొత్త ఖాతాలకు `googlemail.com` అని ఇచ్చేవాళ్ళు. తర్వాత `gmail.com` వచ్చింది. రెండూ ఒకే పెట్టెలో పడతాయి, మన పోర్టల్‌కు మాత్రం ఇద్దరు మనుషులు.

"ఇట్ల వదులు చేస్తే ఎవరంటే వాళ్ళు దూరిపోరా?" అని కమిటీలో ఒకాయన అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ మనం వదులు చేసేది పేరు వెతకడాన్ని, పాస్‌వర్డ్‌ను కాదు. పాస్‌వర్డ్ మార్చే లింకును ఇప్పుడు కొట్టిన అడ్రసుకు కాకుండా, రికార్డులో ముందే ఉన్న అడ్రసుకు పంపితే దొంగకు దారే ఉండదు.

అందుకే నేను అడిగేది మూడే. ఒకటి, లాగిన్‌లోనూ నమోదులోనూ రెండువైపులా చిన్న అక్షరాలు చేసి పోల్చండి. రెండు, చుక్కల్ని వదిలేసేది, రెండు పేర్లనూ ఒకటిగా చూసేది `gmail.com`, `googlemail.com` విషయంలో మాత్రమే. అన్నింటికీ చేయొద్దు. అవుట్‌లుక్‌లో చుక్క ఉన్నది వేరు, లేనిది వేరు. కాలేజీలు, కంపెనీలు సొంత పేరుతో పెట్టుకున్న అడ్రసుల్లో కూడా, వెనక గూగుల్ నడిపినా సరే, చుక్కకు విలువుంది. అక్కడ చుక్క తీసేస్తే ఇద్దరు సభ్యులు ఒకరైపోతారు. మార్చేముందు పాత జాబితాలో ఇట్ల ఒకటయ్యే పేర్లు ఏమున్నాయో తీసి, వాళ్ళకు ఫోన్ చేసి అడగండి. యంత్రంతో కలిపేయొద్దు. మూడు, "అకౌంట్ లేదు" అనే మాట తీసేసి, "ఈ రూపంలో దొరకలేదు, మీ రశీదు మెయిల్‌లో ఉన్న అడ్రసు చూసి కొట్టండి" అని రాయండి. అది కూడా దొరకనివాళ్ళకు సభ్యత్వ నంబరు, ఫోన్ ఓటీపీతో దారి పెట్టండి.

అది జరిగేదాకా సభ్యులకు ఒక మనవి. పేరు దొరకలేదని వేరే ఫోన్ నంబరుతో కొత్త ఖాతా తెరవొద్దు. చందా ఒకచోట, ఓటు ఒకచోట పడి, రేపు మీరే ఇద్దరని నిరూపించుకోవాల్సి వస్తుంది. ముందు ఆ రశీదు వెతకండి.

చుక్క పెట్టినందుకు ఓటు పోయిందని మా అన్నకు చెప్పే ధైర్యం నాకైతే లేదు. కమిటీలో ఎవరికైనా ఉంటే, దిబ్బూరహళ్ళికి వచ్చి ఆయనకే చెప్పండి.