న్యూజెర్సీ కొలబద్ద, తుష్నాబాద్ పిల్లాడు

అండమాన్‌లోని తుష్నాబాద్‌లో పదేళ్ల పిల్లాడొకడు ఉన్నాడనుకుందాం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. మేధో వైకల్యం ధ్రువపత్రం రెన్యువల్ కోసం వాణ్ని పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్లారు. సైకాలజిస్టు తల్లిని ప్రశ్నలడిగి వైన్‌లాండ్ సామాజిక పరిణతి పరీక్ష నింపారు. సామాజిక వయసు 82 నెలలు తేలింది. అసలు వయసు 120 నెలలు గనుక స్కోరు 68.

2018 కేంద్ర మార్గదర్శకాల పట్టికలో 55–69 మధ్య ఉంటే 50 శాతం వైకల్యం. 70–84 మధ్య ఉంటే 25 శాతమే. పథకాలు చాలామటుకు 40 శాతం, అంతకు పైన ఉన్నవారికే అందుతాయి. అంటే 69కీ 70కీ మధ్య ఉన్నది ఒక్క మార్కు కాదు, పింఛను.

ఇప్పుడు ఆ పరీక్షలో ఒక ప్రశ్న చూడండి: పిల్లాడు ఎవరి సాయమూ లేకుండా తానే వెళ్లి పడుకుంటాడా? ఆరేడేళ్లకు రావాల్సిన అలవాటట అది. మన ఇళ్లలో పదేళ్ల వాడు కూడా అమ్మ పక్కనే చాప మీద నిద్రపోతాడు. తల్లి నిజాయితీగా ‘లేదు’ అంటుంది. ఏడాది మెట్టులో నాలుగు అంశాలుంటే ఒక్కోటి మూడు నెలలు. ఆ ఒక్క జవాబు మారితే 85 నెలలు, స్కోరు దాదాపు 71.

ఎడ్గార్ డాల్ 1930లలో న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌లో ఈ పరీక్ష తయారుచేశాడు. ప్రమాణాలకు ఆధారం ఆ పరిసరాల 620 మంది. రొట్టెకు కత్తితో వెన్న రాయడం, శాంతాక్లాజ్ నిజం కాదని తెలుసుకోవడం అందులో అంశాలు! నాగ్‌పూర్‌లో మాలిన్ వాటిని మార్చి భారతీయ రూపం ఇచ్చారు. అయితే ప్రశ్న మార్చడం వేరు, ఆ పని ఇక్కడి పిల్లలకు ఏ వయసులో వస్తుందో కొత్తగా లెక్కగట్టడం వేరు. పొరపాటు ఎప్పుడూ ఒకవైపే ఒరగదు. ఊళ్లో ఒంటరిగా తిరగడం, బడికి నడిచి వెళ్లడం పల్లె పిల్లలకు ముందే అబ్బుతాయి. అక్కడ స్కోరు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

విచిత్రమేమంటే జాగ్రత్తను డాల్ తానే నేర్పాడు. అవకాశం లేక చేయని పనికి, చేయలేక చేయని పనికి వేరువేరు గుర్తులు పెట్టాడు. హడావుడిగా సాగే శిబిరాల్లో ముందు కొట్టుకుపోయేది ఆ తేడానే.

కాబట్టి 68ని కచ్చితమైన అంకెగా కాక, కాస్త అటూ ఇటూ జరగగల అంచనాగా చదవాలి. గీత దగ్గరి స్కోరైతే తల్లి మాటతోపాటు టీచరు మాట వినాలి, అమ్మ భాషలో మళ్లీ అడగాలి, లెక్క చేయడం, డబ్బు వాడటం, దారి కనుక్కోవడం పిల్లాడితోనే చేయించి చూడాలి. మార్కు పోయిన అంశాల జాబితాను రిపోర్టుకు జతచేయమని తల్లిదండ్రులు అడగడంలో తప్పులేదు. పదేళ్ల వయసులో చేశాక మళ్లీ పరిశీలన పద్దెనిమిదో ఏటనే. ఈ అంకె ఎనిమిదేళ్లు వాడి వెంట ఉంటుంది.