చిన్న ముల్లు సంగతి ముందు చూడండి

ఈ నెల రెండో తరగతి పిల్లలు అట్ట గడియారం చేసి ఇంటికి తెస్తారు. గుండ్రంగా కత్తిరించిన అట్ట, పన్నెండు అంకెలు, రెండు ముళ్లు, మధ్యలో ఒక పిన్ను. దాన్ని చూడగానే మనలో చాలామంది ఐదో ఎక్కం అందుకుంటాం: ఒకటి దగ్గర ఐదు, రెండు దగ్గర పది అంటూ. ఆ పని కొన్ని రోజులు ఆపమని నా మనవి.

పిల్లలు ఎక్కువగా తడబడేది పెద్ద ముల్లు దగ్గర కాదు. గడియారంలో 2:50 పెట్టి అడిగి చూడండి. 3:50 అనే పిల్లలు ఎందరో. యాభై సరిగ్గానే లెక్కపెట్టారు. చిన్న ముల్లు మూడుకు దగ్గరగా ఉంది కాబట్టి మూడు అనేశారు. వాళ్లనే 2:50 పెట్టమంటే చిన్న ముల్లును కచ్చితంగా రెండు మీద ఉంచుతారు. పెద్ద ముల్లు తిరుగుతున్నంతసేపూ చిన్నది కూడా మెల్లగా జరుగుతుందని తెలియకపోవడమే ఈ రెండు తప్పులకూ కారణం. అట్ట గడియారం ఆ సంగతి చెప్పలేదు. అందులో ఏ ముల్లు దారి దానిదే.

అందుకే ముందు గోడ గడియారం దించి, బ్యాటరీ తీసి, వెనక ముళ్లు తిప్పే చిన్న చక్రాన్ని పిల్లల చేతే తిప్పించండి. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగేసరికి చిన్నది రెండు నుంచి మూడుకు చేరుతుంది. సగం చుట్టు దగ్గర ఆపి, చిన్నది ఎక్కడుందో చూడమనండి. తర్వాత అట్ట గడియారంలోంచి పెద్ద ముల్లు తీసేయండి. చిన్నదాన్ని రెండు, మూడు మధ్య జరుపుతూ "రెండుంబావా, రెండున్నరా, రెండుముప్పావా?" అని అడగండి. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే ఈ ఆట వాళ్లకే వదిలేయండి, ఈ మాటలు మనకంటే వాళ్ల నోట బాగా పలుకుతాయి. "మూడు అయిందా, ఇంకా కాలేదా?" అన్నదానికి తడుముకోకుండా జవాబు వస్తుంటే పెద్ద ముల్లు మళ్లీ బిగించండి. ఐదో ఎక్కం అప్పుడు.

వర్క్‌షీట్‌లో ప్రశ్నలు పూర్తి గంటలతో మొదలై అరగంట, పావుగంట, ఐదేసి నిమిషాల వరకూ వెళ్తాయి. ప్రతి మెట్టులోనూ ముందు చూసి చెప్పడం, తర్వాత ముళ్లు పెట్టడం. రెండోదే కష్టం. 2:10, 2:30, 2:50 వరుసగా పెట్టిస్తే చిన్న ముల్లు నడక కళ్లకు కడుతుంది.

"ఇప్పుడు 7:40, బస్సు 8:05 కి. ఇంకా ఎంతసేపు?" లాంటి ప్రశ్నలకు కాగితం మీద తీసివేత చేయనివ్వకండి. 805 లోంచి 740 తీసేసి 65 అని రాస్తారు. పెద్ద ముల్లును ఐదేసి నిమిషాలు జరుపుతూ లెక్కపెడితే 25 దానంతటదే వస్తుంది.

చివరి ప్రశ్న వర్క్‌షీట్‌లో ఉండదు, మీరే అడగాలి. రెండు ముళ్లనూ ఆరు మీద పెట్టి "టైమ్ ఎంత?" అనండి. ఆరున్నర అంటే గోడ గడియారం మళ్లీ దించాలి. "ఇలా ఉండదు" అంటూ చిన్న ముల్లును ఆరు, ఏడు మధ్యకు జరిపితే, ఇక నిమిషాల లెక్కకు వెళ్లిపోవచ్చు.